కొత్త బ్యాచ్ ప్రకటనలో చదవాల్సిన లెక్కలు

పరీక్షలు ముగిసి సెలవులు మొదలయ్యేసరికి డ్రైవింగ్ స్కూళ్ల ఫ్లెక్సీలు, కరపత్రాలు, వాట్సాప్ స్టేటస్‌లు ఒక్కసారిగా కనబడతాయి. మాటలు అటూ ఇటూ అయినా విషయం ఇంచుమించు ఒకటే: ‘కొత్త బ్యాచ్ ప్రారంభం. 15 రోజుల్లో కారు డ్రైవింగ్. రోజూ గంట క్లాసు. లైసెన్స్ గ్యారంటీ. ఫీజు 6,000 మాత్రమే. ఉదయం, సాయంత్రం బ్యాచ్‌లు కలవు.’

ఇది ఏ ఒక్క స్కూలు ప్రకటనో కాదు. ఉప్పల్‌లో చూసినా, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర చూసినా ఇలాంటివే ఎదురవుతాయి. చదివినవాళ్ల చూపు ముందుగా ఫీజు మీద పడుతుంది, తర్వాత లైసెన్స్ అన్న మాట మీద. అసలు చూడాల్సినవి ఆ రెండూ కావు. చేతికి స్టీరింగ్ ఎన్ని గంటలు వస్తుందో, ఆ గంటలు ఏ తేదీల మధ్య పడతాయో చూడాలి. పరీక్షలో గట్టెక్కడం, ఆ తర్వాత ఒంటరిగా రోడ్డెక్కడం ఈ రెండు లెక్కల మీదే చాలావరకు ఆధారపడి ఉంటాయి.

డ్రైవింగ్ స్కూలు నడపడానికి దేశమంతటికీ ఒకే నిబంధనలున్నాయి. 1988 మోటారు వాహనాల చట్టం కింద 1989లో వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నియమాలు అవి. స్కూలుకు రవాణా శాఖ లైసెన్స్ ఉండాలి. నేర్పే కారుకు డ్యూయల్ కంట్రోల్, అంటే ఇన్‌స్ట్రక్టర్ కాళ్ల దగ్గర కూడా పెడల్స్ ఉండాలి. సొంత కారు నేర్చుకునేవారికి శిక్షణ మొదలైన రోజు నుంచి 21 రోజులకు తగ్గకూడదు. అందులో వాళ్లు స్వయంగా బండి నడిపిన సమయం 10 గంటలకు తగ్గకూడదు. ఇదే 31వ నియమం. ‘15 రోజుల్లో డ్రైవింగ్’ అని రాసిన ప్రకటన మొదటి వాక్యంలోనే ఈ నియమం కిందికి దిగిపోయింది.

రోజుల కన్నా గంటల లెక్కలోనే ఎక్కువమంది నష్టపోతారు. ఉప్పల్ వైపు ఉండే ఒక బ్యాంకు ఉద్యోగిని పై ప్రకటన చూసి ఫోన్ చేసిందనుకుందాం. మాటలు ఇలా సాగుతాయి.

‘అన్నా, రోజూ గంట క్లాసంటున్నరు గదా, బండిల ఎంతమంది కూసుంటరు?’

‘ముగ్గురే మేడమ్. ఎక్కువ ఎక్కియ్యం.’

‘అంటే నా చేతికి స్టీరింగ్ వచ్చేది ఇరవై నిమిషాలే గదా?’

‘ఎనక కూసొని వేరేటోళ్లు నడిపేది చూసినా మస్తు నేర్చుకుంటరు మేడమ్.’

ఆయన మాటలో కొంత నిజముంది. వెనక కూర్చున్నవాళ్లకు రోడ్డు మీద చూపు అలవాటవుతుంది, ముందు కూర్చున్నవాళ్ల తప్పులు తెలుస్తాయి. అయితే క్లచ్ ఎంత వదిలితే బండి కదులుతుందో పాదానికి తెలియాలి, అది వెనక సీట్లో తెలియదు. నియమం లెక్కపెట్టేది కూడా నడిపిన సమయాన్నే. రోజుకు 20 నిమిషాలు, 15 రోజులు అంటే 300 నిమిషాలు, కచ్చితంగా 5 గంటలు. నియమం చెప్పిన దానిలో సగం. మధ్యలో ఒక ఆదివారం, ఒక వాన రోజు, బండి సర్వీసుకు వెళ్లిన రోజు పోతే అదీ మిగలదు.

అదే ఆమెకు మరో స్కూలు 8,000 చెప్పిందనుకుందాం. అక్కడ 21 రోజులు, రోజుకు అరగంట, ఆ అరగంటా బండిలో ఇన్‌స్ట్రక్టర్, ఆమె మాత్రమే. మొత్తం పదిన్నర గంటలు. ఇప్పుడు ఫీజును గంటలతో భాగిస్తే చవకగా కనిపించిన స్కూల్లో స్టీరింగ్ పట్టిన ఒక్కో గంటకు 1,200 రూపాయలు పడుతుంది, ఖరీదుగా కనిపించిన దాంట్లో 760 చిల్లర. స్కూలు ఫీజులు ఊరిని బట్టి, కారును బట్టి మారుతుంటాయి. కానీ ఈ భాగహారం ఎక్కడైనా పనికొస్తుంది. ప్రకటనలో ఫీజు పక్కన నడిపే గంటలు రాయని స్కూలును అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

ఇక లైసెన్స్ మాట. ‘లైసెన్స్ గ్యారంటీ’ అని రాయడం ఉత్సాహంతో చేసిన ప్రచారంగా కొట్టిపారేయదగ్గది కాదు. నియమాలకు వెలుపల తాము లైసెన్స్ ఇప్పించగలమని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను నమ్మించడం స్కూలు చేయకూడని పనిగా 27వ నియమం చెబుతోంది. లైసెన్స్ ఇచ్చేది రవాణా శాఖ. కారు నడపడం చూసి పాస్ చేసేది మోటారు వాహన తనిఖీ అధికారి, జనం వాడుకలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్. స్కూలు చేయగలిగింది తయారు చేయడం వరకే. గ్యారంటీ ఇస్తున్నారంటే, పరీక్షతో పని లేకుండా ఏదో దారి ఉందని సూచిస్తున్నట్టే. ఆ దారిన వచ్చిన కార్డు జేబులో ఉన్నంత మాత్రాన ఎల్బీ నగర్ కూడలిలో బండి చేతికి లొంగదు.

ఈ గ్యారంటీ మాటకు 2024లో కొత్త బలం వచ్చింది. ఆ ఏడాది జూన్ 1 నుంచి ప్రైవేటు డ్రైవింగ్ స్కూళ్లే లైసెన్స్ పరీక్ష పెడతాయని, ఆర్టీవో ఆఫీసు మెట్లెక్కక్కర్లేదని వార్త పాకింది. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ అలాంటి మార్పేదీ లేదని వివరణ ఇవ్వాల్సి వచ్చింది. అసలు సంగతి ఏమిటంటే, 2021లో గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలు అనే కొత్త రకం సంస్థలకు నియమాలు చేశారు. వాటికి ఎకరాల్లో స్థలం, సిమ్యులేటర్, సొంత టెస్ట్ ట్రాక్ కావాలి. కారు కోర్సు నాలుగు వారాల్లో 29 గంటలు, అందులో 21 గంటలు బండి మీదే. ఆ కేంద్రం ఇచ్చే ఫారం 5బీ సర్టిఫికెట్ ఉన్నవారికి ఆర్టీవో దగ్గర డ్రైవింగ్ పరీక్ష మినహాయింపు ఉంది. మన వీధి చివర ఉండే మామూలు స్కూలు ఇచ్చేది ఫారం 5. దానికి ఆ మినహాయింపు లేదు. ‘మా సర్టిఫికెట్ ఉంటే టెస్టు అక్కర్లేదు’ అని ఎవరైనా అంటే, మీది ఫారం 5 ఆ, 5బీ ఆ అని అడిగితే చాలు.

అలాగని లైసెన్స్ సహాయం అనే మాటకు విలువ లేదని కాదు. సరిగ్గా చేస్తే అది స్కూలు చేసే మంచి పనుల్లో ఒకటి. ముందు లర్నర్ లైసెన్స్ తీసుకోవాలి. దానికి వయసు, చిరునామా రుజువులు, ఆరోగ్యం గురించి సొంత ప్రకటన, 40 దాటినవారికి డాక్టరు ఇచ్చే ఫారం 1ఏ కావాలి. కంప్యూటర్ మీద పెట్టే పరీక్షలో 60 శాతం సమాధానాలు సరిపోవాలి. తెలంగాణలో 20 ప్రశ్నలకు 12. రోడ్డు గుర్తులు, ప్రమాదం జరిగినప్పుడు డ్రైవర్ ఏం చేయాలి, కాపలా లేని రైల్వే గేటు దగ్గర ఏం చేయాలి, బండిలో ఏయే కాగితాలు ఉండాలి లాంటివి అడుగుతారు. స్కూలు ఒక సాయంత్రం కూర్చోబెట్టి ఇవన్నీ చెబితే చాలామంది తేలిగ్గా దాటేస్తారు. ఫారాలు నింపడం, స్లాట్ బుక్ చేయడం, పరీక్ష రోజు కారు తేవడం కూడా ఈ సహాయంలోనే వస్తాయి.

లర్నర్ లైసెన్స్ చేతికి రాకముందే కారు రోడ్డెక్కించే స్కూళ్లు ఉన్నాయి. చేరిన మర్నాడే క్లాసు మొదలైతే చేరినవాళ్లకూ సంబరంగా ఉంటుంది. కానీ లర్నర్ లైసెన్స్ లేకుండా బహిరంగ రోడ్డు మీద నడపడమంటే లైసెన్స్ లేకుండా నడపడమే. దాని జరిమానా 2019 సవరణ తర్వాత 5,000 రూపాయలు. ఎవరికైనా దెబ్బ తగిలితే సమస్య జరిమానాతో ఆగదు. కాగితం వచ్చాకే రోడ్డు, అప్పుడు కూడా బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం, పక్కన లైసెన్స్ ఉన్న ఇన్‌స్ట్రక్టర్.

తేదీల దగ్గర చాలా బ్యాచ్‌లు దెబ్బతింటాయి. లర్నర్ లైసెన్స్ వచ్చాక కనీసం 30 రోజులు గడిస్తే గాని డ్రైవింగ్ పరీక్షకు పోనివ్వరు. లర్నర్ లైసెన్స్ ఆరు నెలలు చెల్లుతుంది. మన బ్యాంకు ఉద్యోగినికి జూన్ 5న లర్నర్ లైసెన్స్ వచ్చిందనుకుందాం. 15 రోజుల బ్యాచ్‌లో జూన్ 8న చేరితే 22కల్లా క్లాసులు అయిపోతాయి. పరీక్షకు దారి తెరుచుకునేది జూలై మొదటి వారంలో. స్లాట్ దొరకడం ఇంకో వారం ఆలస్యమైతే, ఇంట్లో కారు లేని మనిషి మూడు వారాలు స్టీరింగ్ ముట్టుకోకుండా నేరుగా ట్రాక్ మీదికి వెళ్తుంది. కొత్తగా నేర్చినవాళ్ల క్లచ్ పాదం అన్ని రోజులు గుర్తుపెట్టుకోదు. ఫెయిలైన చాలామంది నేర్చుకోలేక కాదు, ఈ ఖాళీ వల్ల ఫెయిలవుతారు.

అదే 21 రోజుల క్లాసులను జూన్ 15న మొదలుపెడితే జూలై 5న ముగుస్తాయి. చివరి నాలుగు క్లాసులు పరీక్షలో అడిగేవాటికి కేటాయించి, ఆ వారంలోనే స్లాట్ పట్టుకోవచ్చు. ఫీజు పైసా పెరగదు. స్కూలు చేయాల్సిందల్లా చేరే రోజునే క్యాలెండర్ ముందేసుకుని పరీక్ష తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టడం.

హైదరాబాద్‌లో నాగోల్ ట్రాక్‌కు వచ్చిన ఎవరినడిగినా హెచ్, ఎస్, ఎనిమిది, ఎత్తు అని నాలుగు పేర్లు చెబుతారు. కారును ఆయా అక్షరాల ఆకారంలో వేసిన దారుల్లో పక్క స్తంభాలు తగలకుండా నడపాలి. హెచ్‌లో రివర్స్ తప్పదు. ఎత్తు మీద ఆపిన బండిని వెనక్కి జారకుండా కదిలించాలి. ఇందులో స్కూళ్లు వాడే ఒక చిట్కా ఉంది. వెనక అద్దం మీద చిన్న స్టిక్కర్ చుక్క పెట్టి, ‘ఈ చుక్క ఆ స్తంభంతో కలవంగనే స్టీరింగ్ మొత్తం తిప్పుండ్రి’ అంటారు. ఆ కారులో, ఆ సీటు ఎత్తులో, ఆ ట్రాక్ మీద అది పనిచేస్తుంది. ఇంటి కారులో చుక్క ఉండదు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్తంభాలు అదే దూరంలో ఉండవు. వెనక చక్రం ఎక్కడుందో సైడు అద్దంలో చూసి అంచనా వేయడం నేర్పితే రెండుచోట్లా పనికొస్తుంది, సమయం మాత్రం ఎక్కువ పడుతుంది. తక్కువ గంటల బ్యాచ్‌లు చుక్కల మీద ఆధారపడేది అందుకే.

ఎత్తు ఎక్కే దగ్గర ఇంకో సంగతి బయటపడుతుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, మొదటి గేరులో క్లచ్ మెల్లగా వదులుతూ ఉంటే ఒక చోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ కాస్త పైకి లేచినట్టవుతుంది. పాదం అక్కడే నిలిపి, కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి హ్యాండ్ బ్రేక్ దించితే బండి ముందుకు పోతుంది. క్లాసులో రోజూ బాగానే ఎక్కించిన మనిషికి పరీక్షలో బండి ఆగిపోతే, ఇన్నాళ్లూ ఆ క్లచ్ ఎవరి పాదం కింద ఉందో చూడాలి. డ్యూయల్ కంట్రోల్ ప్రాణాలు కాపాడే ఏర్పాటు. అయితే బండి ఆగిపోతే వెనకవాళ్లు హారన్ కొడతారని తొందరపడే ఇన్‌స్ట్రక్టర్, తెలియకుండానే ప్రతి కూడలిలో తన క్లచ్ తొక్కుతుంటాడు. నేర్చుకునేవాళ్లకు తమ పాదమే పనిచేస్తోందనిపిస్తుంది. దీన్ని కనిపెట్టడం కష్టం కాదు. పదో క్లాసు దాటాక ఖాళీ రోడ్డు మీద ఇన్‌స్ట్రక్టర్‌ను పాదాలు పెడల్స్ నుంచి వెనక్కి తీయమని అడగాలి. బండి అప్పుడు మొదటిసారి ఆగిపోతే, ఆ పది క్లాసుల్లో క్లచ్ నేర్చుకోలేదని అర్థం.

పరీక్ష తప్పితే 7 రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. ఆ లోపు స్కూల్లో దిద్దుబాటు శిక్షణ కూడా తీసుకోవాలని 2019 సవరణ చెబుతోంది.

ప్రభుత్వానికి కట్టే ఫీజులు కేంద్ర నియమాల్లోనే ఉన్నాయి. కారు ఒక్కదానికైతే లర్నర్ లైసెన్స్‌కు 150, దాని పరీక్షకు 50, డ్రైవింగ్ పరీక్షకు 300, లైసెన్స్‌కు 200. మొత్తం 700. దీని మీద రాష్ట్రం వేసే సర్వీసు చార్జీ, కార్డు, పోస్టు ఖర్చులు కలుస్తాయి. బైకు కూడా కలిపితే లర్నర్ లైసెన్స్ ఫీజు, డ్రైవింగ్ పరీక్ష ఫీజు రెండో బండికి మళ్లీ పడతాయి. తప్పి మళ్లీ వెళ్లినా 300 కట్టాల్సిందే. ‘లైసెన్స్ ఖర్చు 4,000’ అని స్కూలు చెబితే అందులో ప్రభుత్వానికి ఎంత పోతుందో, స్కూలు శ్రమకు ఎంతో, పరీక్ష రోజు కారుకు ఎంతో విడివిడిగా అడగాలి. స్కూలు తన పనికి డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు. రసీదు లేని ముద్దలో ఏముందో ఎవరికీ తెలియదు, అంతే.

వేళల విషయానికొస్తే, ఎక్కువమంది ఉదయం 6 గంటల స్లాట్ కోరుకుంటారు. రోడ్డు ఖాళీ, ఎండ ఉండదు, ఆఫీసుకు ఆలస్యం కాదు. మొదటి వారానికి అంతకన్నా మంచి సమయం లేదు. కానీ 21 రోజులూ తెల్లవారుజామునే నడిపిన మనిషికి ఎదురుగా వచ్చే హెడ్‌లైట్ల వెలుగు, పక్కనుంచి దూసుకొచ్చే ఆటో, బస్టాప్ దగ్గర అడ్డంగా ఆగే ఆర్టీసీ బస్సు తెలియవు. చివరి వారంలో రెండు మూడు క్లాసులను సాయంత్రం ఏడింటికి మార్చమని అడగవచ్చు. కొన్ని స్కూళ్లు బ్యాచ్ కలవదని ఒప్పుకోవు. చేరేటప్పుడే మాట్లాడుకుంటే ఒప్పుకునేవీ ఉన్నాయి.

ఇన్ని లెక్కలూ ఒక చిన్న ప్రకటనలో పడతాయా అంటే పడతాయి. నిజాయితీగా నడిచే స్కూలు ఒకటి ఇలా రాసుకోవచ్చు:

‘కారు డ్రైవింగ్ కొత్త బ్యాచ్: జూన్ 15 నుంచి జూలై 5 వరకు, 21 రోజులు. రోజూ అరగంట, స్టీరింగ్ మీ ఒక్కరి చేతిలోనే, మొత్తం పదిన్నర గంటలు. ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 5 నుంచి 8 మధ్య మీకు వీలైన స్లాట్. చివరి వారంలో రాత్రి, రద్దీ రోడ్ల క్లాసులు. డ్యూయల్ కంట్రోల్ కారు. శిక్షణ ఫీజు 8,000. ప్రభుత్వ ఫీజులు వేరు, రసీదు మీ పేరున. లర్నర్ పరీక్షకు తయారీ, స్లాట్ బుకింగ్, టెస్టు రోజు కారు మా ఫీజులోనే. పాస్ చేయాల్సింది ఆర్టీవో అధికారి. తప్పితే రెండు క్లాసులు మళ్లీ ఉచితంగా ఇస్తాం. లర్నర్ లైసెన్స్ వచ్చాకే రోడ్డు క్లాసులు.’

ఇందులో ‘పాస్ చేయాల్సింది ఆర్టీవో అధికారి’ అన్న మాట రాయడానికి స్కూలు యజమానికి ధైర్యం కావాలి. పక్క ఫ్లెక్సీలో గ్యారంటీ అని ఉంటే ఇది వెలవెలబోతుంది. చేరేవాళ్లు అలాంటి స్కూలునే వెతికి పట్టుకుంటే తప్ప ఆ ధైర్యం నిలవదు.

చేరాక కూడా చూసుకోవాల్సిన కాగితం ఒకటుంది. ప్రతి స్కూలూ ఫారం 15 అనే రిజిస్టర్ పెట్టాలి. ఏ తేదీన, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు బండి నడిపారో అందులో రాసి, ఇన్‌స్ట్రక్టర్, నేర్చుకునేవాళ్లు ఇద్దరూ సంతకం చేయాలి. మంచి స్కూల్లో క్లాసు దిగగానే ఆ పుస్తకం ముందుకొస్తుంది. కొన్నిచోట్ల ఆఖరి రోజున అన్ని గడులూ ముందే నింపి సంతకాలు మాత్రం అడుగుతారు. నడపని గంటలకు సంతకం పెట్టనక్కర్లేదు. మిగిలిన గంటలు ఎప్పుడిస్తారో అదే బల్ల దగ్గర, ఆ రిజిస్టర్ చూపించే అడగవచ్చు.